వ్యాస ప్రశ్న: రాముపై పీడీ యాక్టు, 22వ అధికరణ రక్షణలు

ప్రశ్న (20 మార్కులు)

వరంగల్‌లో ఉండే రాముకి 26 ఏళ్లు, తెలుగు మీడియంలో ఏడో తరగతి దాకా చదివాడు. ఐదు నెలల్లో అతనిపై నాలుగు గొలుసు దొంగతనం కేసులు పడ్డాయి, అన్నింటిలోనూ బెయిల్ వచ్చింది. 2025 మార్చి 10న పోలీస్ కమిషనర్ అతన్ని ‘గూండా’గా చూపించి 1986 నాటి పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద నిర్బంధించారు. మూడో రోజున కారణాల కాగితాలు ఇచ్చారు, 48 పేజీలు, అన్నీ ఇంగ్లీషులోనే. ఒక కానిస్టేబుల్ వాటి సారాంశం నోటితో చెప్పాడు. బెయిల్ ఉత్తర్వుల ప్రతులు వాటిలో లేవు. మార్చి 20న రాము జైలు నుంచి ప్రభుత్వానికి వినతిపత్రం పంపితే మే 2న తిరస్కరించారు. ఈలోగా ఏప్రిల్ 15న, నిర్బంధానికి తగిన కారణం ఉందో లేదో చూసే అడ్వైజరీ బోర్డు ముందు పోలీసుల తరఫున లాయరు వాదించారు, రాము తనకూ లాయరు కావాలంటే కుదరదన్నారు. ప్రభుత్వం 12 నెలల నిర్బంధాన్ని ఖరారు చేసింది. ఈ నిర్బంధం అక్రమం, కొడుకును వదిలిపెట్టమంటూ రాము తల్లి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. పిటిషన్‌ను తేల్చండి.

జవాబు

పిటిషన్ గెలవాలి, రామును వదిలిపెట్టాలి.

ముందస్తు నిర్బంధంలో పెట్టిన మనిషికి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు వెళ్లే హక్కు గానీ, నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు గానీ ఉండవు, రాజ్యాంగంలోని 22(3) వాటిని తీసేసింది. ఇక్కడ విచారణ లేదు, సాక్షులను ప్రశ్నించడం లేదు, నేరం రుజువు కావాల్సిన పని కూడా లేదు. మిగిలేవి 22(4) చెప్పే అడ్వైజరీ బోర్డు, 22(5) చెప్పే రెండు విషయాలు: కారణాలు వీలైనంత త్వరగా తెలపాలి, వినతి ఇచ్చుకునే అవకాశం వెంటనే కల్పించాలి. అందుకే వీటిలో తప్పు జరిగితే ‘సాంకేతిక లోపం’ అని ప్రభుత్వం తోసిపుచ్చడానికి వీల్లేదు, రాము దగ్గర ఉన్న రక్షణంతా ఇదే కాబట్టి.

మొదట భాష సంగతి. ఏడో తరగతి తెలుగులో చదివినవాడికి 48 పేజీల ఇంగ్లీషు కాగితాలు ఇస్తే అతను దేనికి జవాబు రాస్తాడు? కారణాలు తెలియకుండా వినతి ఎలా పెట్టుకుంటాడు? హరికిషన్ కేసులో (1962) సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది, నిర్బంధితుడికి వచ్చిన భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటితో చదివి వినిపిస్తే చాలదు. మూడో రోజునే ఇచ్చారు కదా, చట్టంలో ఐదు రోజుల గడువుంది కదా అని ప్రభుత్వం అనొచ్చు. కానీ అర్థం కాని కాగితం గడువులోపు ఇచ్చినా ఇచ్చినట్టు కాదు. బెయిల్ ఉత్తర్వులు జత చేయకపోవడం ఇంకో దెబ్బ. వాటిని ఇవ్వాలని అహ్మద్‌కుట్టి కేసు (1990) చెబుతోంది.

వినతిపత్రం 43 రోజులు పడి ఉంది, ఎందుకో ఎవరూ చెప్పలేదు. పైగా బోర్డు విచారణ అయిపోయాక తిరస్కరించారు. బోర్డు చూస్తోంది కదా అని ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోకూడదు, జయనారాయణ్ సుకుల్ కేసు (1970) ప్రకారం వినతిని ప్రభుత్వం తానుగా, ఆలస్యం చేయకుండా చూడాలి. నా దృష్టిలో ఈ ఒక్క కారణమే ఉత్తర్వును కొట్టేయడానికి సరిపోతుంది.

బోర్డు ముందు లాయరు హక్కు ఎవరికీ సహజంగా రాదు, కానీ పోలీసులు లాయరును తెచ్చుకుంటే నిర్బంధితుడికీ ఇవ్వాలని ఎ.కె. రాయ్ కేసు (1982) తేల్చింది. ఇక్కడ ఆ సమానత్వం లేదు.

ఇక అసలు ఉత్తర్వే నిలబడుతుందా అనేది చూడాలి. మన పత్రికలు ‘లా అండ్ ఆర్డర్’నీ ‘పబ్లిక్ ఆర్డర్’నీ రెండింటినీ శాంతిభద్రతలనే రాస్తాయి, అక్కడే చాలామంది పొరపాటు పడతారు. చట్టం కింద నిర్బంధించాలంటే రెండోది దెబ్బతినాలి. రామ్ మనోహర్ లోహియా కేసులో (1966) కోర్టు వీటిని ఒకదాని లోపల ఒకటి ఉన్న వలయాలుగా చూపింది, ప్రతి నేరమూ లా అండ్ ఆర్డర్ అనే బయటి వలయంలో పడుతుంది కానీ పబ్లిక్ ఆర్డర్ అనే లోపలి వలయంలోకి అన్నీ రావు. గొలుసు పోయిన మహిళలకు అన్యాయం జరిగింది, అందులో అనుమానం లేదు, కానీ దానికి క్రిమినల్ కోర్టు ఉంది. తెలంగాణ నుంచే వెళ్లిన బంకా స్నేహ శీల (2021), అమీనా బేగం (2023), నేనావత్ బుజ్జి (2024) కేసుల్లో సుప్రీంకోర్టు ఇదే కారణంతో ఉత్తర్వులు రద్దు చేసింది.

ఒకేసారి 12 నెలలు నిర్బంధించడం చెల్లదని తల్లి వాదిస్తే మాత్రం అది నిలవదు. మూడు నెలలకు మించి ఒకేసారి ఉత్తర్వు ఇవ్వకూడదన్న చెరుకూరి మణి కేసు (2014) సరైన చట్టం కాదని పెసల నూకరాజు కేసులో (2023) కోర్టు చెప్పింది, ఆ మూడు నెలలు కమిషనర్‌కు అధికారం అప్పగించే కాలానికే వర్తిస్తాయి.

అందువల్ల నిర్బంధ ఉత్తర్వు రద్దవుతుంది. నాలుగు దొంగతనం కేసులు వాటి దారిన నడుస్తాయి, రాము షరతులు తప్పితే పోలీసులు బెయిల్ రద్దుకు వెళ్లొచ్చు.