లాస్య తాళాన్ని ఎవరు తీయగలరు? – ఏడో తరగతి సైబర్ భద్రత పాఠం

పిల్లలూ, ఈ రోజు పాఠాన్ని ఆట ఆడుతూ నేర్చుకుందాం. ఆటకు ముందు ఒక నియమం: మీరు గానీ, మీ ఇంట్లోవాళ్లు గానీ నిజంగా వాడుతున్న పాస్‌వర్డ్‌ను ఈ గదిలో ఎవరూ పలకకూడదు, రాయకూడదు.

కిటికీ వైపు కూర్చున్నవారు కాపలాదారులు, తలుపు వైపు కూర్చున్నవారు దొంగలు. లాస్య అనే కల్పిత బాలిక ఒక ఆన్‌లైన్ ఆటలో తన గురించి రాసుకున్న మాటలను రెండు జట్లకూ ఇస్తున్నాను: "మాది తెనాలి. 2013 ఆగస్టు 14న పుట్టాను. మా కుక్కపిల్ల పేరు మోతి." కాపలాదారులు ఆమెకు ఒక పాస్‌వర్డ్ పెట్టి, చీటీ మడిచి నా బల్ల మీద ఉంచాలి. దొంగలు అయిదు నిమిషాల్లో ఇరవై ఊహలు పలక మీద రాయాలి.

ఇప్పుడు చీటీ విప్పుదాం. అందులో `lasya2013` గానీ, `Moti@1408` గానీ ఉంటే దొంగలు గెలిచినట్లే. మధ్యలో `@` పెట్టినంత మాత్రాన పాస్‌వర్డ్ బలపడదు, ఎందుకంటే ఆ ఎత్తు దొంగలకూ తెలుసు. ఇక్కడ బాగా గమనించండి: దొంగలు ఏ యంత్రమూ వాడలేదు, లాస్య తానే చెప్పుకున్న వివరాలతోనే తాళం తీశారు.

రెండో విడతలో కాపలాదారులు లాస్యతో ఏ సంబంధమూ లేని నాలుగు మాటలను కలపాలి. ఉదాహరణకు `nicchena-tabelu-godugu-chintapandu`. నిచ్చెనెక్కిన తాబేలు గొడుగు పట్టుకొని చింతపండు తింటున్నట్లు ఊహించుకుంటే ఇది మరచిపోమన్నా మరచిపోరు. పలక మీదికి వచ్చేసింది కనుక దీన్ని మాత్రం ఎవరూ వాడకండి. నాలుగంకెల పిన్‌కు మొత్తం 10,000 అవకాశాలే ఉంటాయి. ఎనిమిది చిన్న ఆంగ్ల అక్షరాలకు 20,000 కోట్లకు పైగా ఉంటాయి. ఆపైన యాదృచ్ఛికంగా చేర్చే ప్రతి అక్షరంతో అవి 26 రెట్లవుతాయి. అందుకే పొడవే అసలు బలం. ఒక్కో ఖాతాకు వేరే పాస్‌వర్డ్ ఉండాలి.

మూడో విడతలో నేను అపరిచితుణ్ణి, మీరందరూ లాస్యలు. "నీ ఆట చాలా బాగుంది, ఏ బడి?" అని అడుగుతాను. తర్వాత "యూనిఫామ్‌లో ఫొటో పంపవా?" అంటాను. చివరికి "ఉచితంగా నాణేలు ఇస్తాను, అమ్మ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పు" అంటాను. ఎక్కడ ఆగాలని అనిపిస్తే ఆ క్షణంలో చెయ్యెత్తండి. చాలామంది ఓటీపీ దగ్గర ఎత్తుతారు, కానీ మొదటి ప్రశ్న దగ్గరే ఎత్తాలి. యూనిఫామ్ ఫొటోలో బడి పేరున్న బ్యాడ్జీ, వెనుక బస్సు నంబరు కనిపిస్తే మీరు రోజూ ఎక్కడ ఉంటారో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పటికే ఎవరికైనా ఏదైనా చెప్పేసి ఉంటే భయపడకండి, దాచకండి. అది మీ తప్పు కాదు. అమ్మకో, నాన్నకో, నాకో చెప్పండి, మేము తిట్టము. వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. డబ్బు పోతే పెద్దలు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి, లేదా `cybercrime.gov.in`లో ఫిర్యాదు ఇవ్వాలి. ఎవరైనా బెదిరిస్తుంటే పిల్లలే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయవచ్చు.

ఇంటిపని: ఈ రాత్రి అమ్మతోనో నాన్నతోనో కూర్చొని, మీరు ఆడే ఆటలో మీ ప్రొఫైల్ తెరిచి, అసలు పేరు, ఊరు, పుట్టిన తేదీ కనిపిస్తుంటే తీసేయించండి.