నవంబర్ 14, 15 తేదీల మీ తిరుపతి బుకింగ్ గురించి: గదులు ఇవ్వలేకపోతున్నాం, మరో హోటల్లో ఏర్పాటు చేశాం

రమణమూర్తి గారికి నమస్కారం.

తిరుపతి కపిలతీర్థం రోడ్డులోని మా హోటల్లో శనివారం, నవంబర్ 14 ఉదయం నుంచి రెండు రోజులకు మీరు రెండు గదులు బుక్ చేసుకుని, మొత్తం ₹10,400 ముందే కట్టారు. ఆ రెండు గదులూ మీకు ఇవ్వలేని పరిస్థితి వచ్చింది. ఇందులో మీ తప్పేమీ లేదు, తప్పు మాదే. అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ చెబుతున్నాను. శుక్రవారం సాయంత్రం మీరు రైలెక్కకముందే ఈ విషయం మీకు తెలియాలని బుధవారమే రాస్తున్నాను.

జరిగింది ఇదీ. మా దగ్గర ఉన్నవి 42 గదులు. వారాంతాల్లో ఒకటో రెండో బుకింగ్‌లు చివర్లో రద్దవుతుంటాయి కాబట్టి శనివారానికి 43 తీసుకున్నాం. కార్తీకం మొదటి వారాంతం, పైగా రెండో శనివారం కావడంతో ఈసారి ఎవరూ రద్దు చేసుకోలేదు. దీనికి తోడు నిన్న కింది అంతస్తులో రెండు గదుల బాత్రూం పైపు పగిలి గోడలోకి నీరు దిగింది. ప్లంబర్ టైల్స్ తీసి చూసి, సోమవారం లోపు పని పూర్తికాదన్నాడు. ఆ రెండూ మీకోసం పెట్టిన గదులే. మీ అమ్మగారు మెట్లు ఎక్కలేరని, పక్కపక్క గదులు కావాలని బుకింగ్‌లో రాశారు. అలాంటి జంట గదులు శనివారానికి మా దగ్గర ఇక లేవు.

అందుకని రైల్వే స్టేషన్ దగ్గర, మాతో ఒప్పందం ఉన్న హోటల్లో మీ పేరు మీద రెండు ఏసీ గదులు పట్టి ఉంచాం. నేనే వెళ్లి చూసి వచ్చాను. రెండూ మొదటి అంతస్తులో ఎదురెదురుగా ఉన్నాయి, లిఫ్ట్ ఉంది. ముందు గుమ్మానికి నాలుగు మెట్లున్నాయి, కానీ పక్క గేటు వైపు వీల్‌చైర్ వెళ్లే వాలు దారి ఉంది. అమ్మగారిని ఆ గేటు దగ్గరే దించమని డ్రైవర్‌కు చెప్పాను. వెస్టర్న్ టాయిలెట్ ఉంది కానీ గోడకు పట్టుకునే కడ్డీ లేదు. ఆమె గదిలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, జారని మ్యాట్ వేయిస్తున్నాం. రైళ్ల చప్పుడు వినబడకుండా వెనక వైపు గదులే అడిగి తీసుకున్నాను. హోటల్ పేరు, మ్యాప్ లొకేషన్, గదుల ఫోటోలు మీ వాట్సాప్‌కు పంపాను. ఒకసారి అమ్మగారికి కూడా చూపించండి.

తేడాలు కూడా చెప్పాలి. మా దగ్గర 24 గంటల చెక్ అవుట్, అక్కడ మధ్యాహ్నం పన్నెండు నుంచి పన్నెండు. మీరు నారాయణాద్రిలో తెల్లవారి దిగుతారు కాబట్టి శనివారం ఉదయం ఆరింటికే గదులు తెరిచి ఉంచేలా మాట్లాడాం. ఆదివారం మీ రైలు సాయంత్రానికి గానీ లేదు, అందుకని అయిదున్నర వరకు గదులు మీ దగ్గరే ఉంటాయి. ఈ రెండింటికీ అదనంగా ఎవరూ డబ్బు అడగరు. అడిగితే కట్టకండి, నాకు ఫోన్ చేయండి. గోవిందరాజ స్వామి గుడి అక్కడికి దగ్గర. అలిపిరి మాత్రం మా హోటల్ నుంచి కంటే దూరమవుతుంది. టిఫిన్ ఉదయం ఏడింటికి గానీ మొదలుకాదు. అమ్మగారికి పొద్దున్నే కాఫీ కావాలంటే గదికి పంపేలా విడిగా చెప్పి పెట్టాను.

డబ్బు సంగతి. అక్కడ గది అద్దె పన్నులతో రోజుకు ₹3,300, మా దగ్గర ₹2,600. రెండు గదులకు రెండు రోజులకు తేడా ₹2,800. అది మేమే కడతాం, మీరు అక్కడ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇది కాక, మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు ఒక రోజు అద్దె ₹5,200 మీకు తిరిగి ఇస్తాం. మీ యూపీఐ ఐడీ పంపితే శుక్రవారం లోపే వేస్తాం.

శనివారం స్టేషన్ బయట మా కారు ఉంటుంది, డ్రైవర్ చేతిలో మీ పేరు రాసిన బోర్డు ఉంటుంది. ఆదివారం మీకు ఉదయం పదింటి ₹300 దర్శనం స్లాట్ ఉందన్నారు. ఆ టికెట్ కోసం ఎన్ని నెలల ముందు నుంచి ఎదురుచూస్తారో తిరుపతిలో పనిచేసే మాకు తెలుసు. మా వల్ల దానికి ఏ ఆటంకమూ రాకూడదు. ఆదివారం ఉదయం ఆరున్నరకే కారు ఆ హోటల్ దగ్గరికి వస్తుంది. వారాంతంలో అలిపిరి చెకింగ్ దగ్గర కార్ల వరుస పెరుగుతుంది, ఆపైన ఘాట్ రోడ్డు ప్రయాణం, కాబట్టి ఇంతకంటే ఆలస్యంగా బయల్దేరడం నాకు ఇష్టం లేదు. టికెట్ తీసినప్పుడు ఇచ్చిన ఆధార్ కార్డులే, ఒరిజినల్స్, అందరివీ దగ్గర ఉంచుకోండి. దర్శనమయ్యే వరకు కారు కొండ మీదే ఉండి మిమ్మల్ని కిందకు తెస్తుంది. దిగేసరికి పొద్దుపోతే మీరు సర్ది పెట్టిన సామాను మా వాళ్లు ఆ హోటల్ నుంచి నేరుగా స్టేషన్‌కు చేరుస్తారు, కానీ విలువైన వస్తువులు మాత్రం మీ వెంటే ఉంచుకోండి. కారు ఖర్చు మొత్తం మాది.

ఆదివారం మా దగ్గర గదులు ఖాళీ అవుతాయి. శనివారం ఒక్కరోజు అక్కడుండి ఆదివారం ఇక్కడికి మారాలనుకుంటే మారొచ్చు. కానీ దర్శనం రోజున సామాను సర్ది హోటల్ మారడం అమ్మగారికి శ్రమ. రెండు రోజులూ అక్కడే ఉండటం మేలని నా అభిప్రాయం.

ఇదేదీ వద్దు, డబ్బు వెనక్కి ఇచ్చేయండి అంటే అదీ మీ హక్కు. మొత్తం ₹10,400 ఏ కోతా లేకుండా వస్తుంది. మీరు యాప్ ద్వారా కట్టారు కాబట్టి ఖాతాలో పడటానికి కొన్ని పని దినాలు పట్టొచ్చు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: యాప్‌లో మీరు క్యాన్సిల్ నొక్కకండి. మీరు నొక్కితే అది మీరే రద్దు చేసుకున్నట్టు నమోదై రద్దు చార్జీలు పడతాయి. రద్దు మా వైపు నుంచే చేస్తాం. డబ్బు వెనక్కి తీసుకున్నా శనివారం స్టేషన్ నుంచి మీరు చెప్పిన హోటల్‌కు మా కారులో దిగబెడతాం.

రేపు, గురువారం సాయంత్రం ఆరు లోపు మీ నిర్ణయం చెప్పండి. ఫోన్ చేసినా సరే, వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసినా సరే. మీ నుంచి జవాబు రాకపోతే నేనే ఫోన్ చేస్తాను. అప్పుడూ దొరక్కపోతే ఆ రెండు గదులు మీ పేరు మీదే ఉంటాయి, కారూ స్టేషన్‌కు వస్తుంది. మీరు పెద్దావిడతో, పిల్లలతో దిగి గది కోసం వెతుక్కునే పరిస్థితి రానివ్వం.

పైన రాసినవన్నీ హోటల్ తరఫున ఇచ్చిన మాటలు. ఈ ఉత్తరం మీ ఫోన్‌లో ఉంచుకోండి. అక్కడి కౌంటర్‌లో ఎవరైనా వేరే మాట చెబితే ఇదే చూపించండి. వాట్సాప్ పంపిన నంబరు నా సొంతం, శనివారం తెల్లవారి నాలుగింటి నుంచి అందుబాటులో ఉంటాను.

ఇట్లు,
ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్
తిరుపతి, నవంబర్ 11, 2026