మంచుకొండల బైరాగి

తిరుపతి గంగమ్మ జాతర చాటింపుకు ఇంకా చాలా టైముంది. తాతయ్యగుంట గుడి వైపు మైకులు అప్పుడే మొదలయ్యాయి. ఇంటర్ చదివే విష్ణు మేడమీద కూచుని ఏఐ వీడియో యాప్‌తో కుస్తీ పడుతున్నాడు. గంగమ్మ పాలెగాణ్ణి వెతికి వేటాడిన కథంతా రోజుకో వేషం చొప్పున ఒక్క నిమిషం రీల్‌లో చూపించాలని వాడి ఆశ. యాప్ ఒకసారికి ఎనిమిది సెకన్లే ఇస్తుంది. ముక్కలు అతికించుకోవచ్చులే అనుకున్నాడు.

Bairagi vesham, Tirupati Gangamma jatara అని కొట్టాడు. జడలు, రుద్రాక్షలు, త్రిశూలం, వెనకాల మంచుకొండలు వచ్చాయి. ఒంటికి తెల్లగా పూసుకున్న మన వీధి కుర్రోడు, చేతిలో వేపమండ అని వివరంగా రాశాడు. ఈసారి పాలరాతి బొమ్మ లాంటి మనిషి నడిచొచ్చాడు. తర్వాతి ముక్కలో వాడి ముఖమే మారిపోయింది.

బండ వేషానికి ఒళ్లంతా కుంకుమ అని రాస్తే నెత్తురనుకుందో ఏమో, నిబంధనలు ఒప్పుకోవని ఆపేసింది. దొర వేషమంటే టోపీ పెట్టుకున్న తెల్లదొరను గుర్రమెక్కించింది. అంతటితో ఆ రోజు ఫ్రీ కోటా అయిపోయింది.

"ఎవుర్రా ఈయప్ప?" అన్నాడు తాత, భుజం మీంచి తొంగి చూస్తూ.

"దొర తాతా."

"ఈయప్పను చూసి పాలెగాడు బయటికొస్తాడా? గంగమ్మకు భయపడి దాక్కోనుండాడు వాడు. ఏ వేషమేసినా చిక్కలా. వానికంటే పెద్ద దొర వచ్చినాడని నమ్మితేనే గదా బయటికొచ్చేది! ఒంటికి గంధం పూసుకోని, దర్జాగా నడవల్ల."

విష్ణు ఫోన్ పక్కన పెట్టాడు. ఏ రోజు ఏ వేషమో చిన్నప్పట్నుంచీ వాడికి నోటికొచ్చు. అవన్నీ ఒక్క వెతుకులాటలో మెట్లని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. ఒంటికి పూసే రంగులే రాశాడు గానీ, ఎవరు ఎవర్ని వెతుకుతున్నారో ఒక్క ముక్కా రాయలేదు.

కింద వసారాలో తాత నామంకొమ్ము తీసి, సానరాయి మీద నీళ్లు చిలకరించి అరగదీశాడు. మొదట పల్చగా పాలలా జారింది, కాసేపటికి వేలికి అంటుకునేంత చిక్కబడింది. విష్ణు మోచేతి మీద ఒక గీత గీశాడు. తడిగా ఉన్నప్పుడు కనీకనపడని గీత ఆరేకొద్దీ తెల్లగా తేలింది. చేయి మడిస్తే సన్నగా పగిలింది.

"తాతా, రేపు బైరాగి వేషం నేనేస్తా."

"రీల్ కోసమా, మొక్కు కోసమా?"

విష్ణు వెంటనే జవాబు చెప్పలేదు. "రెండిటికీ," అన్నాడు చివరికి.

"అయితే తెల్లారుజామున తలకు పోసుకో. మొక్కు మొక్కినాకనే పూత. గుళ్లో ఫోన్ తియ్యగూడదు."

"సరే. దారెంబడి మాత్రం చెల్లెలు తీస్తుంది."

"దానికి చెప్పినావా?"

"ఇప్పుడే చెప్తా," అంటూ విష్ణు లోపలికి పరిగెత్తాడు.