ఎనర్జీ డ్రింకుల గురించి తొమ్మిది, పది తరగతుల విద్యార్థుల తల్లిదండ్రులకు లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు,

నమస్కారములు. పరీక్షలు దగ్గరపడుతున్న కొద్దీ మన పిల్లల సంచుల్లో ఎనర్జీ డ్రింకుల డబ్బాలు ఎక్కువగా కనిపిస్తున్నాయి. రాత్రి మేలుకొని చదవడానికి కొందరు, సాయంత్రం ఆటలకు ముందు కొందరు వీటిని తాగుతున్నారు. ఇవీ కూల్‌డ్రింకుల్లాంటివే కదా, అప్పుడప్పుడు తాగితే ఏమవుతుందని మీలో కొందరు నన్ను అడిగారు. ఎదిగే వయసు పిల్లలకు ఇవి ఎందుకు తగవో వివరంగా చెప్పడం నా బాధ్యత అనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

గత వారం తరగతిలో 500 మిల్లీలీటర్ల ఖాళీ డబ్బా ఒకటి తీసుకొని, దాని మీద అచ్చువేసిన వివరాలను పిల్లల చేతనే చదివించాను. ప్రతి 100 మిల్లీలీటర్లకు 32 మిల్లీగ్రాముల కెఫీన్, 11 గ్రాముల చక్కెర అని ఉంది. బోర్డు మీద లెక్క వేయగా డబ్బా మొత్తానికి 160 మిల్లీగ్రాముల కెఫీన్, 55 గ్రాముల చక్కెర తేలాయి. అదే డబ్బా మీద, కళ్లు చిట్లించి చూస్తే గాని కనబడని అక్షరాల్లో, పిల్లలకు, గర్భిణులకు ఇది తగదని కూడా రాసి ఉంది. ఆ వాక్యం చదువుతున్న అమ్మాయి మధ్యలో ఆగి, "మేమూ పిల్లల కిందికే వస్తామా, టీచర్?" అని అడిగింది. వస్తారు. ఎత్తులో మనల్ని మించిపోయినా వాళ్ల ఎదుగుదల ఇంకా పూర్తి కాలేదు.

పిల్లలకూ, కౌమార వయస్కులకూ రోజుకు శరీర బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఆందోళన కలిగించదని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2015లో పేర్కొంది. ఆ లెక్కన 45 కిలోల బరువున్న విద్యార్థికి రోజంతటికీ 135 మిల్లీగ్రాములే హద్దు. పైన చెప్పిన డబ్బా ఒక్కటి తాగితేనే ఆ హద్దు దాటిపోతుంది, ఆ రోజు తాగిన టీ, కాఫీ, కోలా, తిన్న చాక్లెట్ దీనికి అదనం. కొన్ని డ్రింకుల్లో కలిపే గ్వారానా గింజల సారంలో కూడా కెఫీనే ఉంటుందన్న సంగతి చాలామందికి తెలియదు. ఎనర్జీ డ్రింకులకు పిల్లల ఆహారంలోనూ, కౌమార వయస్కుల ఆహారంలోనూ చోటు లేదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లోనే స్పష్టం చేసింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెడుతున్నది నిద్ర. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, ఇక విశ్రాంతి తీసుకోమని శరీరానికి చెబుతూ ఉంటుంది. కెఫీన్ ఆ పదార్థాన్ని తొలగించదు. అది పనిచేసే చోటును ఆక్రమించి, ఆ కబురు అందకుండా చేస్తుంది. అలసట ఉన్నదున్నట్టే ఉంటుంది, తెలియకుండా పోతుందంతే. పెద్దవారిలో సైతం తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఏడింటికి తాగినదాని ప్రభావం అర్ధరాత్రికీ పోదు. ఈ వయసులో రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం, చదివినది జ్ఞాపకంలో కుదురుకునేదీ ఆ నిద్రలోనే. మార్కుల కోసం తాగుతున్న డ్రింకే చదివినదాన్ని నిలవనీయకుండా చేస్తోందని పిల్లలకు దయచేసి నిదానంగా వివరించండి.

చక్కెర లేని రకం కొనిస్తే సరిపోతుందనుకోవద్దు, అందులోనూ కెఫీన్ అలాగే ఉంటుంది, పళ్ల ఎనామిల్‌ను కరిగించే ఆమ్లాలూ ఉంటాయి. ఆటలాడే పిల్లలకు మామూలుగా మంచినీళ్లు చాలు.

మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఇప్పటికే రోజూ తాగుతున్నట్లు తెలిస్తే కోప్పడకండి. కోప్పడితే తాగడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు. అలవాటైన శరీరానికి కెఫీన్ ఒక్కసారిగా ఆగిపోతే తలనొప్పి, చిరాకు రావచ్చు కనుక వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించండి. ఉదయం ఏమీ తినకుండా బడికి వచ్చేవారే మధ్యాహ్నానికి నీరసపడి ఈ డబ్బాల వైపు చూస్తున్నట్లు గమనించాను, అందువల్ల పొద్దున కడుపునిండా తిని వచ్చేలా చూడండి. తాగిన తరువాత గుండెదడ, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, చేతులు వణకడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుణ్ని కలవండి. గుండె జబ్బో, ఫిట్సో ఉన్న పిల్లలూ, ఏకాగ్రత సమస్యకు మందులు వాడుతున్న పిల్లలూ వీటిని అసలు ముట్టుకోకూడదు.

వచ్చే శనివారం ఉదయం పది గంటలకు జరిగే తల్లిదండ్రుల సమావేశం తరువాత సైన్సు ల్యాబులో నేను అందుబాటులో ఉంటాను. మీ పిల్లలు తాగే డ్రింకు ఖాళీ డబ్బా ఏదైనా ఇంట్లో ఉంటే వెంట తీసుకురండి, అందులో ఏముందో కలిసి చదివి లెక్క చూద్దాం.

ఇట్లు,
మీ పిల్లల పోషకాహార ఉపాధ్యాయిని