పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం: అంబాజీపేట జిల్లా పరిషత్ హైస్కూలు, 2001–02 పదో తరగతి బ్యాచ్

మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే మార్చికి మనం పదో తరగతి పరీక్షలు రాసి పాతికేళ్ళు నిండుతాయి. అప్పుడు మనది తూర్పు గోదావరి జిల్లా, ఇప్పుడు కోనసీమ జిల్లా. "ఈసారి తప్పకుండా కలుద్దాం" అని గ్రూపులో ప్రతి సంక్రాంతికీ అనుకోవడం, పండగ వెళ్ళాక మర్చిపోవడం మామూలైపోయింది. ఈసారి మాత్రం హెడ్మాస్టరు గారి పర్మిషన్ తీసుకున్నాం, షామియానాకి అడ్వాన్సు ఇచ్చేశాం.

తేదీ: 2027 జనవరి 17, ఆదివారం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. మన స్కూలు ఆవరణలోనే.

పండగ మూడు రోజుల్లో ఒకటి పెడదామని కొందరు అడిగారు. భోగి, సంక్రాంతి ఇంట్లోవాళ్ళతో గడపాల్సినవి. కనుమ నాడు పెడితే జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలి మనకోసం ఎవడూ రాడు, మేమూ రాము. అందుకే కనుమ అయ్యాక వచ్చే ఆదివారం పెట్టాం. అల్లుళ్ళ హోదాలో వేరే ఊళ్ళలో ఉండేవాళ్ళు అత్తారింట్లో ముందే చెప్పి పెట్టుకోండి.

రాత్రికే తిరుగు ప్రయాణం ఉన్నవాళ్ళకి ఒక మాట. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. అంటే 17 రాత్రి రాజమండ్రిలో ఎక్కాలంటే నవంబరు 18, బుధవారం పొద్దున్న 8 గంటలకే ఫోను పట్టుకుని కూర్చోవాలి. ఆ రోజు దాటితే వెయిటింగ్ లిస్టే, లేదా పండగ రేట్ల ప్రైవేటు బస్సు.

ఆ రోజు కార్యక్రమం పెద్దగా ఏమీ పెట్టుకోలేదు. 9 గంటలకి టిఫిన్. 10 గంటలకి బెల్లు కొడితే అందరం గ్రౌండులో సెక్షన్ల వారీగా లైను కట్టి, ప్రార్థన, ప్రతిజ్ఞ. తర్వాత మన లెక్కల మాస్టారు హాజరు పిలుస్తారు. ఆయనకి ఎనభై దగ్గర పడుతున్నాయి. అయినా ఈ మాట చెప్పగానే "కళ్ళజోడు మార్పించుకుంటాను, లిస్టు పెద్ద అక్షరాలతో రాసి తీసుకురండి" అన్నారు. గురువులకి సన్మానం, భోజనాలు, గ్రూపు ఫొటో, ఆ పైన ఎవరికి తోచిన కబుర్లు వాళ్ళవి. మైకు దగ్గర మనిషికి మూడు నిమిషాలు. పార్టీల గొడవ, రియల్ ఎస్టేటు, ఇన్సూరెన్సు అక్కడ వద్దు. స్కూలు గేటు లోపల మందు కూడా వద్దు. ఈ ఒక్క విషయంలో హెడ్మాస్టరు గారికి మాట ఇచ్చాం, మా పరువు తీయకండి.

భోజనంలో శాకాహారం, కోడికూర రెండూ ఉంటాయి. దాహానికి బొండాలు మన ఊళ్ళో లోటేం కాదు. పులస కావాలని ఇద్దరు మెసేజ్ పెట్టారు. నాయనా, అది గోదారికి వరద నీరొచ్చే రోజుల్లో దొరికే చేప, జనవరిలో ఎక్కడ తెమ్మంటారు?

ఇక డబ్బుల సంగతి. మనిషికి 1,500 రూపాయలు అనుకున్నాం. 80 మంది వస్తారని లెక్క వేస్తే 1,20,000. టిఫిన్, భోజనం, టీలు గురువులతో కలిపి వంద మందికి 50,000. షామియానా, కుర్చీలు, మైకు 17,000. తొమ్మిది మంది గురువులకి శాలువా, బట్టలు, జ్ఞాపిక 18,000. వాళ్ళని ఇళ్ళ దగ్గర్నుంచి తీసుకొచ్చి దించడానికి కార్లు 8,000. ఫొటోలు, వీడియో 12,000. మొత్తం 1,05,000. మిగిలిన 15,000, దాని పైన ఎవరైనా సంతోషంగా ఇచ్చేది ఎంతైనా, స్కూలు లైబ్రరీకి బీరువాలు కొనడానికి. హెడ్మాస్టరు గారిని ఏం కావాలని అడిగితే ఆయన అడిగింది అదొక్కటే. పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉన్నాయి, చెదలు పట్టకముందే సర్దాలి.

డబ్బు డిసెంబరు 20లోపు పంపండి. గ్రూపులో ఈ మెసేజ్ పెట్టిన సూరిబాబు నంబరుకే ఫోన్‌పే గానీ గూగుల్ పే గానీ చేసి, పేరు, సెక్షన్ రాయండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు అతని మెడికల్ షాపులో ఇచ్చినా సరే, రసీదు ఇస్తాడు. కువైట్, మస్కట్, దోహాల్లో ఉన్నవాళ్ళు ఇంటి దగ్గర ఎవరి చేతనైనా ఇప్పించండి. లెక్క మొత్తం బిల్లులతో సహా జనవరి 24న గ్రూపులో పెడతాం. ఎవరు ఎంత ఇచ్చారన్న లిస్టు మాత్రం పెట్టం. ఇవ్వడం కుదరనివాళ్ళు ఇవ్వకండి, వచ్చేయండి. ఇచ్చారా లేదా అన్నది సూరిబాబుకి తప్ప కమిటీలో మాకు కూడా తెలియదు.

భార్యల్ని, భర్తల్ని, పిల్లల్ని తీసుకురావచ్చా అని చాలామంది అడుగుతున్నారు. ఈసారికి మనం మాత్రమే. కుటుంబాలతో వస్తే ఎవరి టేబుల్ దగ్గర వాళ్ళు కూర్చుంటారు, పాత కబుర్లు సాగవు. చంటిపిల్లల తల్లులకి, తోడు లేకుండా రాలేనివాళ్ళకి ఈ రూలు లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇప్పుడు చెబుతున్నాం. స్కూల్లో నామినల్ రోల్స్ తీయించి చూశాం. మన బ్యాచ్‌లో పరీక్ష ఫీజు కట్టినవాళ్ళు 118 మంది. గ్రూపులో ఉన్నది 61. అందులో ఆడపిల్లలు 14 మందే, నిజానికి వాళ్ళు 52 మంది ఉండాలి. పెళ్ళయి ఇంటిపేర్లు మారిపోయాయి, ఫేస్‌బుక్‌లో వెతికితే దొరకరు. వాళ్ళని పట్టుకోవాలంటే పుట్టింటి వైపు నుంచే రావాలి. వాళ్ళ అన్నయ్యో తమ్ముడో ఇప్పటికీ ఊళ్ళోనే ఉంటారు. మగవాళ్ళు ఫోన్ చేస్తే ఎవరు, ఎందుకు అని అనుమానం వస్తుంది కాబట్టి నంబరు దొరికితే వెంకటలక్ష్మికి ఇవ్వండి, ఆమె మాట్లాడుతుంది. ఇప్పటికి ఇలా ఆరుగురు దొరికారు. వాళ్ళలో ఒకామె మూడు కిలోమీటర్ల దూరంలోనే కాపురం ఉంటోంది, మనకే తెలియదు.

నామినల్ రోల్స్‌లో లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. తొమ్మిదిలోనే మానేసి కొబ్బరి దింపుకి, వలుపుకి వెళ్ళిపోయినవాళ్ళు, ఎనిమిదిలో పెళ్ళయిపోయినవాళ్ళు. ఆ పేర్లు ఏ కాగితంలోనూ దొరకవు, మీకు గుర్తుంటేనే. మీ బెంచీలో మీ పక్కన ఎవరు కూర్చునేవారో ఒక్కసారి గుర్తు చేసుకుని రాయండి. పది తప్పినవాళ్ళు, పేపర్లో నంబరు రాక మళ్ళీ మొహం చూపించనివాళ్ళు కూడా మనవాళ్ళే. "మేం వస్తే బాగోదేమో" అని ఒకతను సూరిబాబు షాపులో అన్నాడట. మార్కుల లిస్టు చూపిస్తేనే లోపలికి రానివ్వాలంటే ముందు బయట నిలబడాల్సింది మన కమిటీయే, ఇద్దరికి లెక్కల్లో సెప్టెంబరే గతి.

కాబట్టి ఒక్కొక్కరు గ్రూపులో లేని ఇద్దరిని వెతికి పట్టుకోండి. మెసేజ్ ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే సరిపోదు, పొద్దున్నే వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటోల కింద ఇదీ పడిపోతుంది. ఫోన్ చేసి మాట్లాడండి. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళకి ఇంటికెళ్ళి చెప్పండి. పండగ ముందు ఊరొచ్చేవాళ్ళు రేషన్ షాపు దగ్గరో, గుళ్ళోనో, సంతలోనో కనిపించిన ప్రతి పాత మొహాన్నీ పలకరించండి. దొరికినవాళ్ళ పేరు, సెక్షన్, ఊరు గ్రూపులో రాస్తే మేం లిస్టులో టిక్కు పెడతాం. నంబరు మాత్రం గ్రూపులో వేయకుండా విడిగా మాకు పంపండి.

మన మధ్య లేని ముగ్గురు స్నేహితుల ఇళ్ళకి కమిటీ తరఫున వెళ్ళి కబురు చెప్పి వచ్చాం. ఒకరి కొడుకు ఇప్పుడు అదే స్కూల్లో తొమ్మిది చదువుతున్నాడు. ఆ రోజు వాలంటీరుగా ఉంటానన్నాడు.

వచ్చేవాళ్ళు భోజనాల లెక్క కోసం డిసెంబరు 20లోపే "వస్తున్నా" అని ఒక్క మాట రాయండి. బొటనవేలి బొమ్మ పెడితే వస్తున్నట్టో, చదివినట్టో మాకు అర్థం కావట్లేదు.

ఇట్లు,
కమిటీ తరఫున
సూరిబాబు (ఎ సెక్షన్), వెంకటలక్ష్మి (ఎ సెక్షన్), శ్రీనివాస్ (బి సెక్షన్)