మీ కామెంట్ కార్డుకు మా జవాబు

సుభద్ర గారికి,

నమస్కారం.

మీరు గది ఖాళీ చేసిన రోజు రిసెప్షన్ దగ్గర పెట్టెలో వేసిన కామెంట్ కార్డు శుక్రవారం పొద్దున్న నా చేతికి వచ్చింది. ముందువైపు చోటు చాలక వెనక్కి తిప్పి కూడా రాశారు. మాకు వచ్చే కార్డుల్లో చాలావాటిలో టిక్కులే ఉంటాయి, లేదంటే "బాగుంది" అన్న ఒక్క మాట ఉంటుంది. మీరు సరోజ, కిరణ్ అని పేర్లు రాసి, ఎవరు ఏ పూట ఏం చేశారో కూడా చెప్పారు. మీ నాన్నగారి ప్రయాణం అయ్యాక అలసటలో కూర్చుని ఇంత రాసినందుకు ముందుగా మీకు నా కృతజ్ఞతలు.

కార్డు అందిన రోజే ఇద్దరినీ విడివిడిగా కలిసి, మీ మాటలు మీరు రాసినట్టే చదివి వినిపించాను. సరోజ మళ్లీ చదవమంది. మీరు రాసిన వాక్యం ఇది: "మా నాన్న ఇన్సులిన్ పాడవకుండా కాపాడింది ఈ అమ్మాయే, లేకపోతే కొత్త ఊళ్లో రాత్రిపూట మందుల షాపుల చుట్టూ తిరిగేదాన్ని." రెండోసారి విన్నాక కళ్లు తుడుచుకుని, "మా అమ్మ కూడా అదే సూది వేసుకుంటుంది సార్, అందుకే కంటపడింది" అంది. ఈ మాట మీకు రాయొచ్చా అని తనని అడిగే రాస్తున్నాను.

ఆ రోజు జరిగిందాంట్లో మీకు తెలియని భాగం కొంత ఉంది. గదిలో ఫ్రిజ్ తుడవడానికి తలుపు తీసినప్పుడు, ఇన్సులిన్ పెన్నులు వెనక ఐసు పట్టే రేకుకు ఆనుకుని ఉండటం సరోజ చూసింది. గెస్టుల వస్తువులు, ముఖ్యంగా మందులు, మా వాళ్లు ముట్టుకోకూడదు. అందుకే తను వాటిని జరపకుండా వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పింది, ఆవిడ మీకు ఫోన్ చేశారు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకసారి గడ్డకట్టిందంటే కరిగాక కూడా వాడకూడదు. ఆ ఫోన్ ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకే గుండె జారినట్టయింది.

మీరు పెన్నులు ముందుకు జరిపాక కూడా ఒక ఇబ్బంది మిగిలింది. తలుపు పక్కన స్లాట్‌లోంచి కీ కార్డు తీస్తే ఆ గదిలో కరెంటు మొత్తం ఆగిపోతుంది, ఫ్రిజ్ కూడా. మీరు బయటికి వెళ్లిన ప్రతిసారీ అది మెల్లగా వేడెక్కేదే. ఇది గుర్తుచేసింది మెయింటెనెన్స్‌లో పనిచేసే గోపాల్. కార్డుతో సంబంధం లేని ప్లగ్ పాయింటుకు ఫ్రిజ్ మార్చి, లోపల థర్మామీటర్ పెట్టి, సాయంత్రం దాకా మధ్యమధ్యలో వచ్చి చూశాడు. మీ అనుమతితోనే గదిలోకి వచ్చాడు గానీ ఆ సమయంలో మీరు ఆసుపత్రిలో ఉన్నారు. అందుకే అతని పేరు మీ కార్డులోకి రాలేదు. మీ మెప్పులో అతనికీ వాటా ఇచ్చాను, మీరు ఏమీ అనుకోరనే నమ్మకంతో.

కిరణ్ సంగతి. తెల్లవారుజామున నాలుగున్నరకు మీరు కిందికి దిగేసరికి బిల్లు సిద్ధంగా ఉందని, రిసెప్షన్ దగ్గర మీ నాన్నగారిని ఒక్క నిమిషం కూడా నిలబెట్టలేదని రాశారు. ముందురోజు రాత్రి పదిన్నరకే అతను మీ లెక్క సరిచూసుకుని, వాహనం ర్యాంపు దగ్గరికే రావాలని లాగ్‌బుక్‌లో రాసి పెట్టాడు. ఆ పేజీ నేను చూశాను. "పెద్దాయన మెట్లు దిగలేరు" అని కింద గీత గీసి మరీ రాశాడు.

"వీల్‌చైర్ తోస్తూ నాన్నతో కబుర్లు చెప్పిన పెద్దాయన పేరు అడగడం మర్చిపోయాను" అని కూడా రాశారు కదా. ఆయన వీరయ్య, బెల్ డెస్క్‌లో రాత్రి డ్యూటీ. మీరు బాగా గుర్తుపెట్టుకున్నారని చెబితే, "పెద్దాయన మోకాలు ఎలా ఉందట?" అని అడిగారు. వీలైనప్పుడు ఒక్క మాట తెలియజేస్తే ఆయనకు చెబుతాను.

కార్డు చివర చిన్న అక్షరాలతో, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ లేక నాన్నగారు టవల్ వేసే రాడ్డు పట్టుకున్నారని రాశారు. ఇంత మెచ్చుకున్నాక తప్పు ఎత్తిచూపడం ఎందుకని మొహమాటపడినట్టున్నారు. కార్డు మొత్తంలో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ వాక్యమే. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు. అలాంటి గదిని మీకు ఇవ్వడం మా పొరపాటు, క్షమించండి. ర్యాంపుకు దగ్గరగా ఉన్న రెండు గదుల్లో కమోడ్ పక్కన, షవర్ దగ్గర గోడలోకి బోల్టులు దించి కడ్డీలు బిగించాం. రబ్బరు కప్పుతో అతికించే రకం వద్దని చెప్పాను, అవి ఊడిపోతాయి. ఇకనుంచి బుకింగ్ సమయంలోనే, నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్లు వస్తున్నారా అని మేమే అడుగుతాం.

మీ కార్డు నకలు సరోజ, కిరణ్‌ల సర్వీస్ ఫైళ్లలో పెట్టించాను. పై పోస్టులకు పేర్లు చూసేటప్పుడు ఆ ఫైళ్లే తెరుస్తాం కాబట్టి మీరు రాసింది వాళ్లకు నిజంగా పనికొస్తుంది. గోపాల్, వీరయ్యలకు నా సంతకంతో విడిగా ఉత్తరాలు ఇచ్చాను. సిబ్బందికి పంపిన నోటీసు కూడా దీనితో జతచేశాను. అందులో మీ పేరు, గది నంబరు, నాన్నగారి ఆరోగ్యం గురించి ఏమీ లేవు.

నాన్నగారికి మా అందరి నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
జనరల్ మేనేజర్

జత: సిబ్బందికి నోటీసు

అన్ని విభాగాలకు,

పోయిన వారం మన దగ్గర దిగిన ఒక గెస్ట్ హౌస్‌కీపింగ్ సరోజను, ఫ్రంట్ ఆఫీస్ కిరణ్‌ను పేరు పెట్టి మెచ్చుకుంటూ కార్డు రాశారు. సరోజ గదిలో ఒక ఇబ్బందిని గమనించి, గెస్ట్ వస్తువును ముట్టుకోకుండా వెంటనే పైకి చెప్పింది. సూపర్‌వైజర్ ఆ మాటను పక్కన పెట్టకుండా అప్పటికప్పుడే ఫోన్ చేశారు. మెయింటెనెన్స్ గోపాల్ ఎవరూ అడగకముందే అసలు కారణం పట్టుకుని సరిచేశాడు. తెల్లవారుజామున బయల్దేరేవారి అవసరాన్ని కిరణ్ ముందురోజు రాత్రే రాసిపెట్టాడు, వీరయ్య గారు దాన్ని చదివి ర్యాంపు దగ్గర వీల్‌చైర్‌తో సిద్ధంగా ఉన్నారు.

ఈ ఐదుగురిలో ఏ ఒక్కరు "ఇది నా పని కాదు" అనుకున్నా ఆ కార్డు వచ్చేది కాదు. వారికి నా అభినందనలు.

విభాగాధిపతులు ఈ నోటీసును మూడు షిఫ్టుల బ్రీఫింగ్‌లలోనూ చదివి వినిపించాలి. రాత్రి షిఫ్ట్‌ను వదిలేయవద్దు, ఇందులో సగం పని వాళ్లదే. సరోజకు సోమవారం వారపు సెలవు కాబట్టి హౌస్‌కీపింగ్‌లో మంగళవారం, ఆమె ఉన్నప్పుడే చదవండి.