గంటన్నర ఆగడమా, ఇప్పుడే గండి కొట్టడమా: ఒక వరద రాత్రి, రెండు నీతి సిద్ధాంతాలు

ఎం.ఏ. తత్త్వశాస్త్రం, నీతిశాస్త్రం పేపరు
ప్రశ్న 3. సమయం: 90 నిమిషాలు. మార్కులు: 40

నది ఎడమ గట్టు వెనుక 90,000 జనాభా గల పట్టణం ఉంది. కుడి గట్టుకు గండి కొడితే వరద ఒక పల్లె మీదుగా పొలాల్లోకి మళ్లి, పట్టణానికి ముప్పు తప్పుతుంది. 1,200 మంది ఉన్న ఆ పల్లెను ఖాళీ చేయిస్తుండగా ఇంకా 40 మంది మిగిలారు. వారిలో ఎక్కువమంది మంచం దిగలేని వృద్ధులు, వారిని విడిచి రాలేని కుటుంబ సభ్యులు. పడవల్లో వారందరినీ తీసుకురావడానికి గంటన్నర పడుతుంది. ఆలోగా ఎడమ గట్టు తెగే అవకాశం ఐదింట ఒకటి అనీ, తెగితే పట్టణంలో 300 మంది వరకు చనిపోవచ్చుననీ ఇంజనీర్ల అంచనా. నిర్ణయాధికారం గల అధికారి ఏం చేయాలి? ఉపయోగితావాదాన్ని, కాంట్ కర్తవ్యవాదాన్ని పోల్చి మీ నిర్ణయాన్ని సమర్థించండి.

జవాబు

ఈ ప్రశ్నలో గండి కొట్టవచ్చునా అన్నది అసలు వివాదం కాదు. పల్లె పూర్తిగా ఖాళీ అయిన తర్వాత గండి కొట్టడాన్ని రెండు సిద్ధాంతాలూ, వేర్వేరు కారణాలతోనే అయినా, అంగీకరించగలవు. వివాదమంతా ఆ గంటన్నర గురించినది. అధికారి ఆగాలనీ, ఆ వ్యవధిలో పల్లెలో మిగిలిన నలభై మందిని బయటికి తెప్పిస్తూనే పట్టణంలోని పల్లపు వార్డులను ఖాళీ చేయించాలనీ, ఆ తర్వాతే గండికి ఉత్తర్వు ఇవ్వాలనీ నేను వాదిస్తాను. ఈ నిర్ణయానికి ఉపయోగితావాదం ఇచ్చే ఆధారం బలహీనమైనది. కాంట్ సిద్ధాంతం ఇచ్చేది బలమైనదే కాని, ఆ సిద్ధాంతాన్ని సాధారణంగా చదివే పద్ధతిలో కాకుండా కొంత జాగ్రత్తగా చదివితేనే అది దొరుకుతుంది.

ముందు ఉపయోగితావాదానికి దాని పూర్తి బలం ఇవ్వాలి. బెంథాం, మిల్ ప్రతిపాదించిన ప్రకారం ఒక చర్య మంచిచెడ్డలు దాని ఫలితాల మీద ఆధారపడతాయి, ఆ ఫలితాలను లెక్కించేటప్పుడు ఎవరి సుఖదుఃఖాలకూ ఇతరుల వాటికంటే ఎక్కువ విలువ ఉండదు. కలెక్టరు బంధువైనా, కౌలు రైతు తల్లి అయినా లెక్కలో ఒక్కరే. వరద రాత్రి అధికారి మీద పలుకుబడి గలవారి ఒత్తిడి ఎంత ఉంటుందో తెలిసినవారు ఈ సమానత్వాన్ని తేలికగా తీసివేయలేరు. ఇక లెక్క ఇది: ఆగితే ఐదింట ఒక వంతు అవకాశంతో 300 మరణాలు, అంటే సగటు అంచనా 60. ఇప్పుడే గండి కొడితే, మిగిలినవారిలో ఒక్కరూ బతకరని అనుకున్నా, 40. అరవై కంటే నలభై తక్కువ గనుక వెంటనే గండి కొట్టాలి. ప్రాణాలను ఇలా అంకెల్లో పెట్టడం క్రూరమన్న ఆక్షేపణను నేను ఇక్కడ వాడుకోను, ఎందుకంటే ఏ పడవ ముందు ఎటు వెళ్లాలో నిర్ణయించే ప్రతి అధికారీ పైకి చెప్పకపోయినా ఇలాంటి లెక్కే వేస్తాడు.

నా ఆక్షేపణ వేరు. ఇంజనీర్లు ఐదింట ఒకటి అనడానికి బదులు పదింట ఒకటి అని ఉంటే సగటు అంచనా 30కి పడిపోయి, అదే సిద్ధాంతం ఆగమని చెబుతుంది. రాత్రివేళ, వానలో, గట్టు వెంట టార్చిలైటు వేసుకుని నడుస్తూ ఊట ఎక్కడ పడుతోందో చూసే ఇంజనీరు ఈ రెండు అంకెల మధ్య తేడాను నమ్మకంగా చెప్పగలడా? చెప్పలేడు. అయినా ఆ తేడా మీదే నలభై ప్రాణాలు ఆధారపడ్డాయి. అంచనాలో తప్పు రెండు వైపులా సమానంగా ఉంటుందని ఉపయోగితావాది అనవచ్చు, సూత్రప్రాయంగా అది నిజమే. ఆచరణలో మాత్రం అంచనా వేయించే అధికారం ఎప్పుడూ పెద్ద ఊరి చేతిలోనే ఉంటుంది. 1927లో అమెరికాలో మిసిసిపీ నది వరద న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచుతుందన్న భయంతో, నగర ప్రముఖుల ఒత్తిడి మీద, ఏప్రిల్ 29న కెర్నార్వన్ దగ్గర గట్టును డైనమైట్‌తో పేల్చి సెయింట్ బెర్నార్డ్, ప్లాకమిన్స్ ప్రాంతాలను ముంచారు. అక్కడి ప్రజలను ముందే తరలించారు గాని, తర్వాత అనేకమందికి మాట ఇచ్చిన పరిహారం సరిగా అందలేదు. పైగా ఎగువన గట్లు వాటంతట అవే తెగడంతో నగరానికి ఆ పేలుడు అవసరమే లేకపోయింది. భయంలో వేసిన అంచనా ఎటు మొగ్గుతుందో ఈ ఉదంతం చూపుతోంది.

ఈ ఆక్షేపణకు నియమ ఉపయోగితావాది దగ్గర జవాబు ఉంది. ఒక్కొక్క చర్యను కాక, అందరూ పాటిస్తే ఎక్కువ మేలు చేసే నియమాన్ని చూడాలని అతడు అంటాడు. మనుషులు ఇళ్లలో ఉండగానే ప్రభుత్వం గండి కొడుతుందన్న అనుమానం ఒకసారి పుడితే, ప్రతి వరదలోనూ పల్లెవాళ్లు కర్రలు పట్టుకుని గట్టు మీద కాపలా కాస్తారు, ఖాళీ చేయమంటే నమ్మరు, చివరికి నష్టం పెరుగుతుంది. అందువల్ల మనుషులున్న చోటికి నీరు వదలకూడదన్న నియమమే లాభం. ఇది మంచి వాదం, దీని నిర్ణయం నా నిర్ణయంతో ఏకీభవిస్తుంది కూడా. కాని దీని ప్రకారం ఆ నలభై మందిని ముంచకూడకపోవడానికి కారణం ఇతర పల్లెల నమ్మకం. గండి దానంతట అదే పడిందని ఎవరికీ అనుమానం రాకుండా చెప్పగలిగితే ఆ కారణం కాస్తా మాయమవుతుంది. మంచం మీదున్న ముసలామెకు జరిగే అన్యాయం విషయం బయటపడటం వల్ల పుట్టినది కాదు. సిద్ధాంతం సరైన చోటికే చేరింది గాని, దారి తప్పి చేరింది.

కాంట్ 1785లో ప్రతిపాదించిన నిరుపాధిక ఆదేశపు రూపాల్లో ఇక్కడ పనికివచ్చేది మానవత్వ సూత్రం: నీలోనైనా ఇతరులలోనైనా మానవత్వాన్ని ఎప్పుడూ ఒక లక్ష్యంగా కూడా చూడు, వట్టి సాధనంగా ఎన్నడూ వాడకు. పరీక్షల్లో సాధారణంగా దీని నుంచి ఒక్క గెంతులో నిర్ణయానికి వెళతారు: పట్టణం కోసం పల్లెను వాడుకుంటున్నారు, కాబట్టి గండి తప్పు. ఈ తర్కాన్ని ఒప్పుకుంటే ఖాళీ అయిన పల్లె పొలాల్లోకి కూడా నీరు వదలకూడదు, రోడ్డు కోసం ఎవరి భూమినీ సేకరించకూడదు. నిజానికి పట్టణాన్ని కాపాడేది ఆ పొలాల పల్లం, ఆ మనుషుల మరణం కాదు. ఆ నలభై మంది అక్కడ లేకపోయినా గండి అంతే బాగా పనిచేస్తుంది. కాబట్టి వారిని సాధనంగా వాడుతున్నారన్న మాట అక్షరాలా సరిపోదు. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఏ సూత్రం మీద అధికారి పనిచేస్తున్నాడో ఆ సూత్రానికి, దాని భారం మోసేవారు సమ్మతించడం అసలు సాధ్యమేనా? ఒనోరా ఓనీల్ వంటి వ్యాఖ్యాతలు కాంట్‌ను చదివిన పద్ధతి ఇది. ఈ జవాబుకు ఆధారం కూడా ఇదే.

ఈ పరీక్షను రెండు వైపులా పెట్టి చూడాలి. మా పంట పోతుంది, ఇళ్లు పోతాయి, మమ్మల్ని ముందు దాటిస్తారు, నష్టం పూర్తిగా కట్టిస్తారు అన్న షరతు మీద గండికి పల్లెవారు సమ్మతించగలరు. రేపు వరద తమ వైపు తిరిగితే అదే నియమం తమనూ కాపాడుతుంది. నిన్ను ఇంట్లో ఉండగానే ముంచుతాం అన్నదానికి మాత్రం సమ్మతించగలిగే స్థితి ఎవరికీ ఉండదు. ఇప్పుడు పట్టణం వైపు చూద్దాం. తొంభై వేల మందిలో మూడు వందల మంది అంటే మూడు వందల్లో ఒకరు. గట్టు తెగే అవకాశం ఐదింట ఒకటి. కాబట్టి ఆగడం వల్ల సగటున ఒక్కొక్కరి మీద పడే ప్రాణాపాయం పదిహేను వందల్లో ఒకటి. మైకులో ప్రకటించి పల్లపు వార్డుల వారిని మేడల మీదికి, స్కూలు భవనాల్లోకి పంపితే అది ఇంకా తగ్గుతుంది. నలభై మందిని దాటించడానికి గంటన్నర పాటు ఈ ముప్పును భరించమని పట్టణంలో ఎవరినైనా అడగవచ్చు, వారు ఒప్పుకోవడం అసాధ్యమేమీ కాదు. ఉపయోగితావాదపు అరవైని అనుభవించే మనిషి ఎక్కడా లేడు. అది తొంభై వేల చిన్న ముప్పుల మొత్తం. నలభై అన్న అంకెలో మాత్రం ఒక్కొక్కరిదీ దాదాపు నిశ్చితమైన మరణం. మనుషులు వేర్వేరు అన్న సంగతిని ఉపయోగితావాదం పట్టించుకోదని జాన్ రాల్స్ 1971లో చేసిన విమర్శకు ఇంతకంటే సూటి ఉదాహరణ అరుదు.

దీనికి బలమైన ప్రత్యాక్షేపణ ఒకటుంది. ఈ అధికారి దారిన పోయే మనిషి కాడు, పట్టణాన్ని కాపాడే బాధ్యత ఉద్యోగరీత్యా అతడిదే. కాబట్టి చంపడానికీ, చావనివ్వడానికీ మధ్య ఉన్న తేడాను అతడు అడ్డం పెట్టుకోలేడు. గట్టు తెగితే నేను ఆగాను గాని ముంచలేదు అని అతడు చెప్పుకోవడం తప్పించుకోవడమే అవుతుంది. ఈ మాట నిజమని ఒప్పుకుంటున్నాను, అందుకే నా వాదాన్ని ఆ తేడా మీద నిలపలేదు. అతడి బాధ్యత పట్టణానికి ఎంతో పల్లెకూ అంతే. ఇద్దరికీ సమానంగా బాధ్యుడైన మనిషి, ఒకరి మీది చిన్న ముప్పును తొలగించడానికి ఇంకొకరి మీద చావును మోపలేడు.

దీని నుంచి ఒక హద్దు కూడా ఏర్పడుతుంది. గట్టు తెగే అవకాశం ఐదింట నాలుగై, తెగితే పట్టణంలో సగం మంది పోయే పరిస్థితి అయితే, ఒక్కొక్కరి మీది ముప్పు ఐదింట రెండుకు చేరుతుంది. అప్పుడు ఆగుదాం అన్న సూత్రానికి పట్టణవాసులు సమ్మతించగలరని నేను అనలేను, ఆ రాత్రి అధికారి ఆగకూడదు. కాంట్ ఇలాంటి హద్దును అంగీకరించకపోవచ్చు. లోకం నాశనమైనా న్యాయం జరగాలన్న సూత్రాన్ని సమర్థించినవాడు ఆయన. ఆ మేరకు నేను సమర్థిస్తున్నది ఆయన నిర్ణయాలను కాదు, ఆయన పరీక్షను. ప్రశ్నలో ఇచ్చిన అంకెలు మాత్రం ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నాయి.

గండి కొట్టడంతో అధికారి బాధ్యత తీరదన్నది కూడా ఈ పరీక్ష నుంచే వస్తుంది, ఎందుకంటే పల్లెవారి సమ్మతి షరతుల మీద ఊహించినది. ఈ షరతులను ముందే చట్టంలో పెట్టడానికి ప్రయత్నం జరిగింది. 1927 అనుభవం తర్వాత, 1928 చట్టం కింద మిసిసిపీ వెంట న్యూ మాడ్రిడ్ వరద మార్గాన్ని ఏర్పరచి, అవసరమైతే నీరు వదిలే హక్కును భూయజమానుల నుంచి డబ్బిచ్చి కొన్నారు. 2011 మే 2న అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రానికి చెందిన కైరో పట్టణాన్ని కాపాడటానికి బర్డ్స్ పాయింట్ దగ్గర గట్టు పేల్చి, మనుషులను ముందే తరలించిన దాదాపు 1,30,000 ఎకరాల్లోకి నీరు వదిలారు. 1927తో పోలిస్తే ఇది ఎంతో న్యాయమైన పద్ధతి. అయినా ఆ మార్గంలో ఉన్న పిన్‌హుక్ అనే చిన్న నల్లజాతి గ్రామం పూర్తిగా పోయింది, అక్కడివారి పునరావాసానికి ఏళ్లు పట్టింది. సమ్మతి పత్రం ఇచ్చినవారూ, మునిగినవారూ ఒకరే కానక్కరలేదు. మన ప్రశ్నలోని పల్లెలోనూ పట్టా ఒకరి పేరున, పంట ఇంకొకరిదిగా ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి గండికి ఇచ్చే ఉత్తర్వులోనే సమయం, కారణం, ఇంజనీర్ల అంచనాలతో పాటు, నష్టపరిహారం సాగు చేస్తున్న కౌలుదారుకూ, గొడ్డూ గోదా కోల్పోయిన కూలికీ చెందుతుందని అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి.